ఎస్‌బీఏఆర్ సందేశం: మెడికల్ వార్డు 14వ పడక, పడిపోతున్న ఆక్సిజన్, సమయం రాత్రి 2:25

డ్యూటీ డాక్టరు మేడమ్ గారికి, మెడికల్ వార్డు రాత్రి డ్యూటీ స్టాఫ్ నర్సు రాస్తున్నది. రెండుసార్లు ఫోన్ చేశాను, మీరు ఎమర్జెన్సీ కేసులో ఉన్నారని చెప్పినందున ఈ సందేశం పంపుతున్నాను.

పరిస్థితి: 14వ పడకలోని 58 ఏళ్ల పురుషుడికి ఆక్సిజన్ శాతం నాలుగు గంటలుగా పడిపోతూనే ఉంది. ముక్కు గొట్టాలతో 2 లీటర్ల మీద రాత్రి 10 గంటలకు 95 ఉన్నది 12కి 92కి దిగింది. 1:15కి 4 లీటర్ల మీద 89, 2 గంటలకు మామూలు మాస్కుతో 6 లీటర్ల మీద 85 వచ్చింది. వెంటనే రిజర్వాయర్ మాస్కు పెట్టి 15 లీటర్లు ఇస్తే 91కి చేరి, ఇప్పుడు మళ్లీ 88కి జారింది.

నేపథ్యం: నిన్న సాయంత్రం బేతంచెర్ల నుంచి కర్నూలుకు తీసుకొచ్చారు. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా అని చేర్చుకున్నారు. షుగరు ఉంది, మందుల అలర్జీ లేదు. సెఫ్ట్రియాక్సోన్ మొదటి డోసు 6 గంటలకు ఇచ్చాము. ఇరవై ఏళ్లకు పైగా నాపరాళ్ల పాలిష్ పనిలో ఉన్నారనీ, బీడీలు తాగుతారనీ కొడుకు ఇప్పుడు చెప్పాడు. కేస్ షీటులో ఇది లేదు కాబట్టి ప్రత్యేకంగా తెలియజేస్తున్నాను.

అంచనా: ఇది మెషీన్ పొరపాటు కాదని నా నమ్మకం. ప్రోబు మార్చి, చేతులు వెచ్చబెట్టి, చెవికి కూడా పెట్టి చూశాను. గొట్టం మడత పడలేదు, ఫ్లోమీటరు సరిగ్గానే ఉంది. శ్వాస నిమిషానికి 22 నుంచి 34కి పెరిగింది, మెడ కండరాలు లాగుతున్నాయి, మాట రెండు మూడు పదాలకే ఆగిపోతోంది. నాడి 118, బీపీ 104/66, జ్వరం 101.8, షుగరు 212. కుడి వైపు కింద గాలి శబ్దం సాయంత్రం కంటే బాగా తగ్గింది, మూత్రం 10 గంటల నుంచి 60 మి.లీ. మాత్రమే వచ్చింది. అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది, అర్ధరాత్రి వరకు చక్కగా మాట్లాడిన మనిషి ఇప్పుడు తాను ఎక్కడున్నదీ చెప్పలేకపోవడం. న్యుమోనియా ముదిరి సెప్సిస్ వైపు వెళుతున్నారేమోనని, ఛాతీలో నీరు చేరిందేమోనని నా అనుమానం.

వినతి: దయచేసి మీరు వెంటనే వచ్చి చూడాలి. ధూళి పని, బీడీల చరిత్ర ఉన్నందున ఎంత శాతం ఉండేలా ఆక్సిజన్ ఇవ్వాలో చెప్పగలరు. ఏబీజీ, లాక్టేట్, పోర్టబుల్ ఎక్స్-రేకు మీ ఆదేశం కావాలి. ఐసీయూలో పడక అడగమంటారా? తల వైపు ఎత్తి కూర్చోబెట్టాను, నోటి ద్వారా ఏమీ ఇవ్వడం లేదు, ఐవీ లైను పనిచేస్తోంది, క్రాష్ కార్ట్ పడక పక్కనే ఉంది. నేను పడక దగ్గరే ఉండి ఐదు నిమిషాలకొకసారి రీడింగు రాస్తున్నాను. 2:35 లోగా మీ నుంచి కబురు రాకపోయినా, ఈలోపే శాతం 85 కిందికి దిగినా, ఐసీయూ డాక్టరు గారిని నేరుగా పిలుస్తాను.