షోకాజ్ నోటీసు

లేఖ నం. హెచ్‌ఆర్/క్రమశిక్షణ/11/2026
హైదరాబాద్, తేది: 20-02-2026

శ్రీ ఎం. రాజేశ్వర్ గారికి,
స్టోర్ కీపర్, ఉద్యోగి నం. 2216,
బాలానగర్ గోదాము.

విషయం: గోదాము స్టాకులో లోటు, గేట్ పాస్ లేకుండా సరుకు బయటికి వెళ్లిందన్న ఫిర్యాదు – మీ సంజాయిషీ కోరడం గురించి.

16-02-2026 సోమవారం మీ సమక్షంలో జరిగిన స్టాకు లెక్కింపులో 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 90 మీటర్ల చుట్టలు 146 ఉన్నాయి. రిజిస్టరు ప్రకారం 164 ఉండాలి. లోటు 18. దీనికి సంబంధించి మీ మీద వచ్చిన ఆరోపణలు ఇవి:

1. 14-02-2026 శనివారం రాత్రి 9.20 గంటలకు ఒక ట్రాలీ ఆటో గేట్ పాస్ లేకుండా బయటికి వెళ్లినట్టు గేటు రిజిస్టరులో ఉంది. మీరు ఫోన్‌లో చెప్పినందునే వదిలానని సెక్యూరిటీ గార్డు రాతపూర్వకంగా తెలిపారు.

2. 13-02-2026 నాటి ఇష్యూ స్లిప్పులో చుట్టల సంఖ్య 6ను 16గా దిద్దినట్టు కనిపిస్తోంది. దిద్దుబాటు దగ్గర ఎవరి పొట్టి సంతకమూ లేదు. రిజిస్టరులో మాత్రం 6 చుట్టలే తగ్గించి రాశారు. నిజంగానే 16 వెళ్లి ఉంటే లోటు 8కి తగ్గుతుంది కాబట్టి, ఈ స్లిప్పు గురించి వివరంగా రాయడం మీకే మంచిది.

శనివారం రాత్రి గేటు కెమెరా పనిచేయలేదు. అంతకు ముందు వారంలోనూ అది రెండుసార్లు ఆగినట్టు మెయింటెనెన్స్ రికార్డులో ఉంది. అందుకే దాన్ని మీపై ఆరోపణగా చేర్చలేదు. గోదాము రెండో తాళంచెవి ఉన్న ఉద్యోగి నుంచి కూడా వివరణ అడిగాం.

ఇవి ఇంకా విచారించాల్సిన ఆరోపణలే. మీరు తప్పు చేశారని యాజమాన్యం ఏ నిర్ణయానికీ రాలేదు. రుజువైతే మాత్రం సంస్థ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం దుష్ప్రవర్తన కిందికి వస్తాయి. కనుక మీపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోకూడదో తెలుపుతూ 06-03-2026 శుక్రవారం సాయంత్రం 5 గంటల లోపు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి. మధ్యలో హోలీ సెలవు ఉన్నందున రెండు వారాలు ఇస్తున్నాం. ఇంకా గడువు కావాలంటే ఆ తేదీలోపే కారణం రాసి అడగండి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, ఏ భాషలో రాసినా సరే.

గేటు రిజిస్టరు, ఇష్యూ స్లిప్పు, లెక్కింపు పట్టిక, గార్డు వాంగ్మూలం నకళ్లు దీనితో జతచేశాం. అసలు ప్రతులు పనివేళల్లో మా ఆఫీసులో చూసుకోవచ్చు. తోడుగా ఒక సహోద్యోగిని తెచ్చుకోవచ్చు. మీ తరఫు కాగితాలు, సాక్షుల పేర్లు ఉంటే సంజాయిషీతో పాటు ఇవ్వండి.

మిమ్మల్ని సస్పెండ్ చేయలేదు. జీతం యథావిధిగా వస్తుంది. అయితే విచారణ తేలేవరకు స్టాకు రిజిస్టర్ల పని వేరొకరు చూస్తారు. ఈ విషయమై గార్డుపై గానీ, ఇతర సిబ్బందిపై గానీ ఒత్తిడి తేవద్దు.

గడువులోపు జవాబు రాకపోతే, ఉన్న రికార్డుల ఆధారంగా తదుపరి చర్య నిర్ణయిస్తాం. సంజాయిషీ తృప్తికరంగా లేకపోయినా, విచారణ జరపకుండా శిక్ష విధించం.

రెండో ప్రతిపై అందినట్టు సంతకం చేసి ఇవ్వండి. అలా సంతకం చేసినంత మాత్రాన ఆరోపణలు ఒప్పుకున్నట్టు కాదు.

(సంతకం)
మేనేజర్, హెచ్‌ఆర్ విభాగం

నకలు: గోదాము ఇన్‌చార్జికి, ఉద్యోగి వ్యక్తిగత ఫైలుకు.