అన్యాయమైన చట్టం చట్టమేనా?

జూరిస్‌ప్రుడెన్స్ పేపర్, ఎల్ఎల్.బి. మొదటి సంవత్సరం, హన్మకొండ. పద పరిమితి: 800.
ప్రశ్న: సహజ చట్ట సిద్ధాంతాన్ని, లీగల్ పాజిటివిజాన్ని పోల్చండి. ఏది మెరుగో కారణాలతో వాదించండి.

ఇప్పటి ములుగు జిల్లాలో, ఏటూరునాగారం అడవి అంచున ఒక కోయ రైతు ఉన్నాడనుకుందాం. తాత నాటి నుంచి పోడు చేసుకుంటున్న నాలుగెకరాలే ఆ ఇంటికి ఆధారం. 2003లో ఒక పొద్దున అటవీ సిబ్బంది వచ్చి, ఇది రిజర్వు ఫారెస్టు, నీకు పట్టా లేదు, ఖాళీ చెయ్యమన్నారు. ఆ రైతు వరంగల్ వచ్చి వకీలును రెండు మాటలు అడుగుతాడు. ‘ఇది నిజంగ చట్టమేనా సారూ? చట్టమైతే మాత్రం, ఇది న్యాయమేనా?’ కేసు నేను కల్పించిందే అయినా, పోడు గొడవ ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు.

ఆ రెండు ప్రశ్నలకు జవాబులు విడివిడిగానే వెతకాలన్నది నా వాదన. పాజిటివిజం వాటిని విడిగా ఉంచుతుంది. సహజ చట్ట సిద్ధాంతం, దాని తీవ్ర రూపంలో, రెండో దాని జవాబుతోనే మొదటిదాన్నీ తేల్చేస్తుంది. అలా తేల్చితే నష్టపోయేది ఆ రైతే.

ముందుగా సహజ చట్టం. కోర్టుల్లో రోజూ వినే ‘సహజ న్యాయ సూత్రాలు’ వేరు. అవి ఎదుటి పక్షం మాట వినాలి, తన కేసులో తానే తీర్పరి కాకూడదు అనే విచారణ నియమాలు. ఇక్కడ మాట్లాడుతున్నది అంతకంటే పెద్ద వాదం. మనిషి బుద్ధికి అందే నైతిక ప్రమాణాలు ఉన్నాయి, శాసనకర్త చేసిన చట్టం వాటికి లోబడి ఉండాలి అంటుంది అది. న్యాయంగా లేనిది తనకు చట్టంగానే కనిపించదన్నాడు అగస్టీన్. అక్వినాస్ దృష్టిలో చట్టమంటే సమాజ బాధ్యత ఉన్నవారు, అందరి మేలు కోసం, బుద్ధితో రూపొందించి ప్రకటించిన ఆదేశం. అన్యాయమైన చట్టం అంతరాత్మను కట్టిపడేయదని ఆయన అన్నాడు. అల్లకల్లోలం రాకుండా ఉండటానికి ఒక్కోసారి దానికీ లోబడవలసి రావచ్చని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. ఈ రెండో మాటను మనం తరచు మరిచిపోతాం.

పాజిటివిజం చెప్పేది ఇంకొకటి. చట్టం ఉందా లేదా అన్నది దాని మూలాన్ని బట్టి తేలుతుంది, మంచిచెడ్డలను బట్టి కాదు. 1832లో ఆస్టిన్ చట్టాన్ని శిక్ష భయంతో కూడిన సార్వభౌముడి ఆజ్ఞగా నిర్వచించాడు. ఈ నిర్వచనం నిలవదని తెలియడానికి మన దొరల గడీలు చాలు. గడీ నుంచి కబురొస్తే ఊరు వెట్టికి కదిలేది, కదలకపోతే దెబ్బలు. ఆజ్ఞ ఉంది, భయం ఉంది, అలవాటైన విధేయత ఉంది. దొర పైన నిజాం ఉన్నాడు కాబట్టి దొర సార్వభౌముడు కాడని ఆస్టిన్ తప్పించుకోవచ్చు. కానీ పైవాడి మాట మాత్రం భయంతో చేయించే ఆజ్ఞ కంటే ఎక్కువ ఎలా అయిందో ఆయన చెప్పలేడు. 1961లో హార్ట్ పట్టుకున్నది ఇక్కడే. భయానికి చేయక తప్పకపోవడం వేరు, చేయవలసిన బాధ్యత ఉండటం వేరు. ఏది చట్టమో గుర్తించడానికి అధికారులు ఉమ్మడిగా పాటించే ఒక గుర్తింపు నియమం ఉంటుందని, చట్టం అక్కడి నుంచే పుడుతుందని ఆయన వివరించాడు. ఈ లెక్కన వెట్టిని, అది అన్యాయమనే మాట ఎత్తకుండానే, ‘ఇది చేయించుకునే హక్కు నీకు ఏ నియమం ఇచ్చింది?’ అని నిలదీయవచ్చు. పాజిటివిజం బలవంతుడి పక్షమనే ఆరోపణ నాకు సరిగా తోచకపోవడానికి ఇదే కారణం.

ఇప్పుడు పోడు రైతు దగ్గరికి వద్దాం. ‘అన్యాయం కాబట్టి ఇది చట్టమే కాదు’ అని వకీలు చెబితే వినడానికి హాయిగానే ఉంటుంది, కానీ మర్నాడు గుడిసె పీకేస్తారు. ‘ఇది చట్టమే, కానీ తప్పుడు చట్టం’ అంటేనే దాన్ని మార్చాలన్న పోరాటానికి అర్థం ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం పీఠిక సరిగ్గా ఈ మాటే ఒప్పుకుంది. వలస పాలనలోనే కాదు, స్వతంత్ర భారతంలో కూడా అటవీ హక్కులను సరిగా గుర్తించకపోవడం వల్ల చారిత్రక అన్యాయం జరిగిందని పార్లమెంటు రాసుకుంది. పాత అటవీ చట్టాలు మొదటి నుంచీ చట్టాలే కాకపోతే కొత్త చట్టంతో పనేమిటి? కొత్త చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు నాలుగు హెక్టార్ల వరకు హక్కు ఇచ్చింది. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా వెళ్లగొట్టకూడదంది. తేదీ, విస్తీర్ణం, ప్రక్రియ అన్నీ మూలం ఉన్న నియమాలు. రైతు చేతిలో పనిచేసేవి ఇవే.

ఈ వాదానికి అసలైన జవాబు జర్మన్ న్యాయ తత్వవేత్త రాడ్‌బ్రుక్ నుంచి వస్తుంది. చట్టం చట్టమేననే ధోరణి జర్మన్ న్యాయవాదులను నాజీల ముందు నిరాయుధులను చేసిందని, భరించలేనంత అన్యాయమైన శాసనం న్యాయం ముందు తలవంచాలని 1946లో ఆయన రాశాడు. ఆ రోజులు చూసినవాడి మాట అది, తేలిగ్గా తీసుకోలేం. అయినా హార్ట్ 1958లో ఇచ్చిన సమాధానమే నాకు బలంగా అనిపిస్తుంది. నాజీ శాసనాలను అడ్డుపెట్టుకుని భర్తను పట్టించిన భార్యను తర్వాత శిక్షించాలంటే, ‘ఆ చట్టం ఎన్నడూ లేదు’ అని నటించకూడదు. వెనకటి తేదీ నుంచి వర్తించే చట్టం చేసి, ఆ తప్పు కూడా మనమే మోయాలి. ఒక చెడును ఎంచుకుంటున్నామని దాచకుండా చెప్పడం ఇది.

మన ఎమర్జెన్సీని కూడా పాజిటివిజం ఖాతాలో వేస్తుంటారు. 1976 ఏడీఎం జబల్పూర్ కేసులో నలుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, నిర్బంధం చట్టబద్ధమేనా అని కోర్టును అడిగే హెబియస్ కార్పస్ తలుపును నిర్బంధితులకు మూశారు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆయన జీవితం, స్వేచ్ఛల పవిత్రత గురించి రాశారన్నది నిజం. కానీ ఆయన విభేద తీర్పును మోసిన వాదం వేరు: చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి స్వేచ్ఛనూ హరించే శక్తి రాజ్యానికి లేదు, ఈ సూత్రం రాజ్యాంగానికి ముందే ఉంది, ఆర్టికల్ 21 ఒక్కటే దానికి ఆధారం కాదు. ‘నీ అధికారానికి మూలం చూపించు’ అని అడగడమే ఇది, గడీ ముందు వేయదగ్గ ప్రశ్నే. 1978లో 44వ సవరణ వచ్చి, ఎమర్జెన్సీలోనూ 20, 21 ఆర్టికల్స్ అమలును నిలిపివేయకుండా చేసింది.

పాజిటివిజం ఇవ్వలేనిది ఒకటుంది. చట్టమని తేలాక దాన్ని పాటించాలా అన్నదానికి దాని దగ్గర జవాబు లేదు, ఇస్తానని అది చెప్పుకోదు కూడా. ఆ జవాబు కోసం అక్వినాస్ దగ్గరికే వెళ్లాలి. 1980లో ఫినిస్ సహజ చట్టాన్ని కొత్తగా చెబుతూ, అన్యాయమైన చట్టం చట్టమే కాదన్న వాక్యాన్ని తన సిద్ధాంతానికి కేంద్రం చేయలేదు. అలాంటిది లోపించిన చట్టమన్నాడు. అక్కడ రెండు పక్షాల మధ్య దూరం బాగా తగ్గుతుంది. చట్టం చట్టంగా నిలవడానికి ఫుల్లర్ చెప్పిన బహిరంగత, స్పష్టత, వెనకటి తేదీ నుంచి వర్తించకపోవడం లాంటి షరతులనూ నేను ఒప్పుకుంటాను, కానీ అవన్నీ పాటిస్తూనే పోడు రైతును వెళ్లగొట్టవచ్చు.

కాబట్టి మన వకీలు 2003లో ఇవ్వవలసిన జవాబు ఇది: ‘చట్టమే, అన్నా. అన్యాయం కూడా. కోర్టులో మొదటి దానిమీద కొట్లాడుదాం, రెండోదాన్ని తీసుకుని ఊరంతా హైదరాబాద్ పోదాం.’