వైశాల్య నమూనాలతో బీజీయ సర్వసమీకరణాలు: పాఠ్య ప్రణాళిక

తరగతి: 8, తెలుగు మాధ్యమం. విద్యార్థులు: 36 మంది, నలుగురేసి చొప్పున 9 జట్లు.
వ్యవధి: 45 నిమిషాల పీరియడ్లు రెండు.
పూర్వజ్ఞానం: చతురస్రం, దీర్ఘచతురస్రాల వైశాల్యం, ఏకపదితో ద్విపదిని గుణించడం.
సామగ్రి: ప్రతి జట్టుకు రెండు రంగుల చార్ట్ ముక్కలు, కత్తెర, స్కేలు, గళ్ళ కాగితం.

అభ్యసన ఫలితాలు: (a+b)², (a−b)², a²−b² విస్తరణల్లో ప్రతి పదం బొమ్మలో ఎక్కడుందో విద్యార్థి వేలుపెట్టి చూపాలి. సూత్రం అప్పజెప్పినంత మాత్రాన ఈ పాఠం వచ్చినట్టు కాదు.

మొదటి పీరియడ్

ప్రారంభం (8 నిమిషాలు): బోర్డు మీద ఏ సూత్రమూ రాయను. ఒక లెక్క చెబుతాను: "7 అడుగుల చతురస్రపు వరండాలో అడుగు పొడవు, అడుగు వెడల్పున్న తాండూరు బండలు 49 పరిచారు. పొడవు, వెడల్పు రెండూ 3 అడుగులు పెంచారు. కొత్తగా ఎన్ని బండలు కొనాలి?" కొందరు 9 అంటారు, 3² కాబట్టి. తప్పని వెంటనే అనకూడదు. ఆ 9 బండలు ఎక్కడ పరుస్తారో గళ్ళ కాగితం మీద రంగు వేయమనాలి. మూల నిండుతుంది, రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. (a+b)² = a²+b² అని పరీక్షల్లో ఏటా రాసే తప్పు ఇదే. ఆ ఖాళీని పిల్లలే కనిపెట్టాలి కాబట్టి ఇక్కడ తొందరపడను.

కృత్యం 1 (22 నిమిషాలు): 10 సెం.మీ. చార్ట్ చతురస్రం మీద ప్రతి భుజాన్ని 7, 3గా విడదీసి గీతలు గీస్తారు. గీతల వెంట కత్తిరిస్తే నాలుగు ముక్కలు వస్తాయి: 49, 21, 21, 9. మొత్తం 100. అంటే కొత్త బండలు 51. ఆ రెండు 21 ముక్కలను ఒకదానిపై ఒకటి పెట్టి సరిపోయాయో లేదో చూడమంటాను. 2abలోని 2 వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

తర్వాత స్కేలు పక్కన పెట్టించి, కొలతలు లేకుండా ఇంకో చతురస్రం గీయిస్తాను. భాగాలకు a, b అని పేర్లు పెడతారు. ఈ మెట్టు తప్పక ఉండాలి. లేకపోతే బొమ్మ 7, 3లకే పనిచేస్తుందని కొందరు అనుకుంటారు. (a+b)² = a²+2ab+b² అని బోర్డు మీద ఇప్పుడు రాస్తాను.

వినియోగం (15 నిమిషాలు): 103² ఎంత? చతురస్రం గీసి నాలుగు గదుల్లో 10000, 300, 300, 9 రాయాలి. జవాబు 10609. తర్వాత (2x+5)². ఇక్కడ 2x భుజానికి వైశాల్యం 2x² అని రాసేవాళ్ళుంటారు. ఆ భుజాన్ని x, x గా విడగొట్టి గీయిస్తే నాలుగు x² గళ్ళు కనబడతాయి.

రెండో పీరియడ్

కృత్యం 2, (a−b)² (18 నిమిషాలు): పిల్లలకు టెన్షన్ పెట్టేది ఇదే. తీసేస్తున్నప్పుడు చివర +b² ఎందుకని అడుగుతారు. 10 సెం.మీ. చతురస్రం కింది అంచున 10×3 పట్టీని, కుడి అంచున 10×3 పట్టీని వేరు వేరు రంగు కాగితాలతో కప్పాలి. మూలలో రెండు కాగితాలూ ఒకదానిపై ఒకటి పడతాయి. "ఈ మూలను ఎన్నిసార్లు తీసేశాం?" రెండుసార్లు. తీయాల్సింది ఒక్కసారే కాబట్టి 9 తిరిగి కలపాలి: 100−30−30+9 = 49. కప్పకుండా మిగిలింది 7×7. 98²తో సరిచూస్తారు: 10000−400+4 = 9604.

కృత్యం 3, a²−b² (15 నిమిషాలు): 10 సెం.మీ. చతురస్రం మూలలోంచి 3 సెం.మీ. చతురస్రం కత్తిరించి తీసేస్తే 91 చ.సెం.మీ. మిగులుతుంది. దాన్ని ఒక్క కోతతో 10×7, 7×3 ముక్కలు చేసి, 7 సెం.మీ. భుజాలు కలిసేలా పక్కపక్కన పెడితే 13×7 దీర్ఘచతురస్రం అవుతుంది. అంటే (a+b)(a−b). ఎక్కడ కోయాలో నేను చెప్పను, జట్లు వెతుక్కోవాలి. చార్ట్ ముక్కలు కొన్ని వృథా అయినా ఫర్వాలేదు.

జాగ్రత్త: (a−b)², a²−b² బొమ్మలు a>b>0 అయినప్పుడే గీయగలం. రుణసంఖ్యలకూ సర్వసమీకరణం సత్యమేనని చూపడానికి పదాలవారీగా గుణకారం చేయించాలి. బొమ్మ తర్వాత 5 నిమిషాలు ఇందుకే.

మూల్యాంకనం (7 నిమిషాలు): ఒక్కొక్కరూ చీటీ మీద రాయాలి.
1. (x+4)² = x²+16 అని స్నేహితుడు రాశాడు. బొమ్మ గీసి, అతను వదిలేసిన ముక్కలకు రంగు వేయండి.
2. 52×48 విలువను a²−b² సాయంతో కనుక్కోండి. (జవాబు: 2500−4 = 2496)

రంగు వేయలేకపోయినవారిని మర్నాడు కృత్యం 1 ముక్కలతో విడిగా కూర్చోబెడతాను.

ఇంటిపని: 7×3 సెం.మీ. ముక్కలు నాలుగు కత్తిరించి, బయట 10 సెం.మీ. చతురస్రం వచ్చేలా చుట్టూ పేర్చండి. మధ్యలో ఏర్పడే ఖాళీ భుజం కొలవండి. 7ను a, 3ను b అనుకుంటే, ఆ ఖాళీ వైశాల్యాన్ని a, bలలో ఎలా రాస్తారు?