ఏటీపీ లెక్క: గిబ్స్ శక్తి, జంట చర్యలు, చేసి చూపిన లెక్కలు

ఏటీపీ మీద ప్రశ్న వస్తే డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది రాసే వాక్యం ఒకటుంది: "ఏటీపీలోని అధిక శక్తి బంధం తెగినప్పుడు శక్తి విడుదలవుతుంది." దీనికి నేను మార్కులు తగ్గిస్తాను. ఏ బంధం తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందే, తెగినందుకు శక్తి ఊరికే రాదు. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ఈ ఫాస్ఫేట్ బంధానికి గీసిన వంకర గీత (~) చూసి, శక్తంతా ఆ గీతలోనే దాగి ఉందని అనుకుంటారు. గీత తప్పు కాదు, దాన్ని చదివే తీరే తప్పు. శక్తి వచ్చేది చర్యకు ముందున్న పదార్థాలకూ తర్వాత వచ్చే పదార్థాలకూ మధ్య ఉన్న తేడా నుంచి. ఆ తేడాను కొలిచేదే గిబ్స్ స్వేచ్ఛాశక్తి.

కావలసిన సూత్రాలు

```
ΔG = ΔH − TΔS
ΔG = ΔG°′ + RT ln Q
ΔG°′ = −RT ln K′
R = 8.314 J/(mol·K)
RT = 2.478 kJ/mol (298 K), 2.577 kJ/mol (310 K)
```

ΔG రుణాత్మకమైతే చర్య ముందుకు నడుస్తుంది, ధనాత్మకమైతే వెనక్కి. సున్నా అయితే సమతాస్థితి. ఇది దిశను మాత్రమే చెబుతుంది, వేగాన్ని చెప్పదు. మామూలు నీళ్లలో, తటస్థ pH దగ్గర, ఎంజైము లేకపోతే ఏటీపీ చాలాకాలం చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని ΔG ఎంతో రుణాత్మకమైనా ఉత్తేజన శక్తి అనే గట్టు అడ్డుగా ఉంటుంది. కణానికి ఇది మేలే, లేకపోతే ఏటీపీ తయారైన చోటే వృథా అయ్యేది.

ΔG°′ అనేది pH 7 దగ్గర, ప్రతి పదార్థం 1 మోలార్ గాఢతలో ఉన్నప్పటి విలువ. ఏ కణంలోనూ ఏటీపీ 1 మోలార్ ఉండదు. అందుకే ΔG°′ ను పోలికకు వాడుకోవాలి. చర్య నిజంగా ఎటు వెళ్తుందో చెప్పాలంటే ఆ కణంలోని గాఢతలు కావాలి. ఈ రెండింటినీ కలిపేస్తే లెక్క మొదట్లోనే పక్కదారి పడుతుంది.

ఏటీపీ జలవిశ్లేషణ ఎందుకంత దిగువకు?

ATP + H₂O → ADP + Pi చర్యకు ΔG°′ = −30.5 kJ/mol. కారణాలు కొన్ని ఉన్నాయి. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్ల మీది రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి, ఒక ఫాస్ఫేట్ విడిపోతే ఆ ఒత్తిడి తగ్గుతుంది. విడిపోయిన ఫాస్ఫేట్‌కు రెజొనెన్స్ రూపాలు ఎక్కువ కాబట్టి అది మరింత స్థిరంగా ఉంటుంది. క్రియాజన్యాల చుట్టూ నీటి అణువులు ఇంకా బాగా చేరతాయి. బంధం తెంచడానికి పెట్టిన ఖర్చు పోను ఇవన్నీ కలిసి మిగిల్చేదే ఆ 30.5. కణంలో ఏటీపీ ఎక్కువ భాగం మెగ్నీషియం అయాన్‌తో జతకట్టి ఉంటుంది. అందుకే మెగ్నీషియం మారితే ఈ విలువ కూడా కొంత కదులుతుంది. పరీక్షలో ఇది అడగరు గానీ, పుస్తకానికో విలువ ఎందుకు కనిపిస్తుందో మీకు తెలిసి ఉండాలి.

లెక్క 1: ఎర్ర రక్తకణంలో ఏటీపీ అసలు విలువ

ఎర్ర రక్తకణంలో ఏటీపీ 2.25, ఏడీపీ 0.25, ఫాస్ఫేట్ 1.65 మిల్లీమోలార్ అనుకోండి. ఉష్ణోగ్రత 310 K. ΔG ఎంత?

```
Q = [ADP][Pi]/[ATP]
  = (0.25×10⁻³ × 1.65×10⁻³)/(2.25×10⁻³)
  = 1.83×10⁻⁴
ln Q = −8.60
ΔG = −30.5 + 2.577×(−8.60)
   = −30.5 − 22.2
   = −52.7 kJ/mol
```

298 K దగ్గర కొలిచిన ΔG°′ నే ఇక్కడా వాడాం, తేడా పెద్దగా ఉండదు. Q లో గాఢతలను మోలార్‌లోకి మార్చడం మాత్రం మరిచిపోకండి. పైన రెండు పదాలు, కింద ఒకటే ఉన్నాయి కాబట్టి మిల్లీమోలార్‌లోనే పెట్టేస్తే జవాబు దాదాపు 18 కిలోజౌళ్లు తప్పుతుంది.

30.5 కాస్తా 52.7 అయింది. ఆ అదనపు 22 కిలోజౌళ్లు ఏటీపీ నిర్మాణం ఇచ్చినవి కావు. కణం ఏటీపీని ఎక్కువగా, ఏడీపీని తక్కువగా ఉంచుతోంది కాబట్టి వచ్చినవి. ఈ ఏటీపీనంతా సమతాస్థితికి వదిలేస్తే ఎంత మిగులుతుంది? K′ = e^(30.5/2.478) ≈ 2.2×10⁵ M. ఏటీపీ మొత్తం ఏడీపీగా మారిపోతే ఏడీపీ 2.5, ఫాస్ఫేట్ 3.9 మిల్లీమోలార్ అవుతాయి:

```
[ATP] = (2.5×10⁻³ × 3.9×10⁻³)/(2.2×10⁵) ≈ 4.4×10⁻¹¹ M
```

బతికున్న కణంలో ఏటీపీ దీనికి సుమారు 5 కోట్ల రెట్లు ఉంటుంది. మేడ మీది ట్యాంకులో నీళ్లకు పీడనం వచ్చేది నీటి గుణం వల్ల కాదు కదా, మోటారు వాటిని పైకి ఎక్కించి ఉంచడం వల్ల. ఎర్ర రక్తకణంలో ఆ మోటారు గ్లైకాలిసిస్, మిగతా చాలా కణాల్లో ప్రధానంగా మైటోకాండ్రియా.

లెక్క 2: ఏటీపీ లేకుండా గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించగలమా?

గ్లూకోజ్ + Pi → గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ + H₂O, ΔG°′ = +13.8 kJ/mol. గ్లూకోజ్ 5, ఫాస్ఫేట్ 1.65 మిల్లీమోలార్ ఉంటే సమతాస్థితిలో ఎంత గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ వస్తుంది?

```
K′ = e^(−13.8/2.478) = e^(−5.57) = 3.8×10⁻³ M⁻¹
[G6P] = 3.8×10⁻³ × 5×10⁻³ × 1.65×10⁻³ ≈ 3.1×10⁻⁸ M
```

అంటే 0.03 మైక్రోమోలార్. ఎర్ర రక్తకణంలో నిజంగా ఉండేది సుమారు 83 మైక్రోమోలార్, దాదాపు 2,600 రెట్లు ఎక్కువ. ఈ దారిన అది ఎప్పటికీ రాదు. ఎంత మంచి ఎంజైము పెట్టినా రాదు, ఎందుకంటే ఉత్ప్రేరకం K′ ని మార్చలేదు.

హెక్సోకైనేజ్ దారి వేరు:

```
Glc + Pi  → G6P + H₂O     ΔG°′ = +13.8
ATP + H₂O → ADP + Pi      ΔG°′ = −30.5
--------------------------------------
Glc + ATP → G6P + ADP     ΔG°′ = −16.7 kJ/mol
K′ = e^(16.7/2.478) = e^(6.74) ≈ 845
```

కణంలోని గాఢతలతో 310 K దగ్గర:

```
Q = (0.083 × 0.25)/(5 × 2.25) = 1.84×10⁻³
ΔG = −16.7 + 2.577×(−6.30) = −32.9 kJ/mol
```

ఇక్కడ పైన రెండు, కింద రెండు ఉన్నాయి కాబట్టి మిల్లీమోలార్లు కొట్టేసుకుంటాయి. Q ఎక్కడో 0.002 దగ్గరుంది, K′ 845. చర్య సమతాస్థితికి ఇంత దూరంలో ఉంది కాబట్టి ఆచరణలో ఇది వెనక్కి తిరగదు.

రెండూ ఒకే గొట్టంలో పెడితే చాలదు

పైన రెండు వరుసలు కూడినంత మాత్రాన రెండు చర్యలూ కలిసిపోవు. ఒక పరీక్షనాళికలో గ్లూకోజ్, ఫాస్ఫేట్, ఏటీపీ, ఏటీపీని నీటితో విడగొట్టే ఎంజైము పెట్టండి. ఏటీపీ విడిపోతుంది, నాళిక కాస్త వేడెక్కుతుంది, గ్లూకోజ్ మాత్రం గ్లూకోజ్‌గానే ఉంటుంది. ΔG విలువలను కూడుకునే హక్కు రావాలంటే రెండు చర్యలకూ ఉమ్మడి మధ్యస్థం ఉండాలి, లేదా ఫాస్ఫోరిల్ సమూహం నేరుగా చేతులు మారాలి. హెక్సోకైనేజ్‌లో జరిగేది రెండోది. గ్లూకోజ్ చేరగానే ఎంజైము దాని చుట్టూ మూసుకుంటుంది, నీటికి చోటు ఉండదు, ఫాస్ఫేట్ గ్లూకోజ్ మీదికే వెళ్తుంది. అసలు చర్యలో జలవిశ్లేషణ జరగనే లేదు. ఆ రెండు వరుసలు మన లెక్క సౌకర్యం కోసం రాసుకున్నవి. గ్లుటమిన్ సింథటేజ్‌లో గ్లుటమేట్ ముందుగా γ-గ్లుటమైల్ ఫాస్ఫేట్ అవుతుంది, ఆ తర్వాతే అమ్మోనియా వచ్చి ఫాస్ఫేట్‌ను తప్పిస్తుంది. అక్కడ ఉమ్మడి మధ్యస్థం కంటికి కనిపించేంత స్పష్టం.

ఇలా జతపడితే ఒక్క ఏటీపీ ఎంత మార్పు తెస్తుందో చూడండి. మొదటి లెక్కలోని −52.7 తీసుకుంటే e^(52.7/2.577) ≈ 7.6×10⁸. A ⇌ B అనే చర్యకు ఏటీపీ జతైతే, ఆ కణంలో B, A ల సమతాస్థితి నిష్పత్తి 76 కోట్ల రెట్లు పెరుగుతుంది. రెండు ఏటీపీలు జతైతే ఈ రెట్లు ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి.

లెక్క 3: ఏటీపీ లేని జంట

ప్రతి ఎగుడు చర్యకూ ఏటీపీయే కావాలని లేదు. మేలేట్ + NAD⁺ → ఆక్సలోఅసిటేట్ + NADH + H⁺ చర్యకు ΔG°′ = +29.7. మేలేట్ 0.4 మిల్లీమోలార్, [NAD⁺]/[NADH] = 8 అయితే, 298 K, pH 7 దగ్గర:

```
K′ = e^(−29.7/2.478) = 6.2×10⁻⁶
[OAA] = 6.2×10⁻⁶ × 8 × 4×10⁻⁴ ≈ 2×10⁻⁸ M
```

ఆక్సలోఅసిటేట్ 20 నానోమోలార్ దాటితే చర్య వెనక్కి మళ్లుతుంది. తర్వాతి మెట్టు సిట్రేట్ సింథేజ్, ΔG°′ = −32.2. అది ఆక్సలోఅసిటేట్‌ను వచ్చింది వచ్చినట్టే తీసుకుపోతుంది కాబట్టి మొదటి చర్య ముందుకు సాగుతుంది. రెండూ కలిపితే −2.5. ఇక్కడ ఉమ్మడి మధ్యస్థం ఆక్సలోఅసిటేటే.

ఏటీపీ మధ్యలో ఎందుకు ఉంది?

జలవిశ్లేషణ ΔG°′ విలువలు ఇలా ఉంటాయి: ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ −61.9, 1,3-బిస్‌ఫాస్ఫోగ్లిజరేట్ −49.3, ఫాస్ఫోక్రియాటిన్ −43.0, ఏటీపీ −30.5, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ −13.8. పైవాళ్ల దగ్గర ఫాస్ఫేట్ తీసుకుని కిందివాళ్లకు ఇవ్వడానికి ఏటీపీ ఉన్న చోటు సరిగ్గా సరిపోతుంది. ఏటీపీయే అన్నిటికన్నా పైన ఉంటే దాన్ని తిరిగి తయారుచేసే చర్య ఏదీ ఈ వరుసలో దొరకదు.

ఈ వరుసలోని ఫాస్ఫోక్రియాటిన్‌కు మన భీమవరంతో సంబంధం ఉంది. అక్కడ పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫేట్ కొలిచే నీలిరంగు పద్ధతి ఇచ్చారు. ల్యాబుల్లో ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో చేసేది అదే. కండరపు సారంలో ఆ రంగు ఆలస్యంగా రావడాన్ని వాళ్లు వదిలేయలేదు. కారణం వెతికితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో అదే జంట కండరం నుంచి ఏటీపీని వేరుచేసింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టారు.

```
PCr + H₂O → Cr + Pi       ΔG°′ = −43.0
ADP + Pi  → ATP + H₂O     ΔG°′ = +30.5
--------------------------------------
PCr + ADP → Cr + ATP      ΔG°′ = −12.5 kJ/mol
K′ = e^(12.5/2.478) ≈ 155
```

పరుగు మొదలైన తొలి క్షణాల్లో కండరంలో ఏటీపీ పడిపోకుండా పట్టి ఉంచేది ఈ చర్యే.

మీరు చేయాల్సినవి

1. 1,3-బిస్‌ఫాస్ఫోగ్లిజరేట్ + ADP → 3-ఫాస్ఫోగ్లిజరేట్ + ATP. ΔG°′, K′ (298 K) కనుక్కోండి.

2. గ్లుటమేట్ + NH₃ → గ్లుటమిన్ + H₂O చర్యకు ΔG°′ = +14.2. ఒక ఏటీపీ జతైతే ΔG°′, K′ ఎంత?

3. ఒక కణంలో ఏటీపీ 1.25, ఏడీపీ 1.25, ఫాస్ఫేట్ 5 మిల్లీమోలార్‌కు చేరాయి. 310 K దగ్గర ఏటీపీ జలవిశ్లేషణ ΔG ఎంత? మొదటి లెక్కతో పోల్చండి.

జవాబులు: (1) −18.8 kJ/mol, సుమారు 2,000. (2) −16.3 kJ/mol, సుమారు 720. (3) Q = 5×10⁻³, ΔG = −44.2 kJ/mol, అంటే 8.5 కిలోజౌళ్ల నష్టం. ఏటీపీ సగం కూడా తగ్గలేదు, కానీ ఏడీపీ 5 రెట్లు, ఫాస్ఫేట్ 3 రెట్లు పెరిగాయి. నష్టంలో ఎక్కువ భాగం వాటి వల్లే. ఏ పదం ఎన్ని కిలోజౌళ్లు తీసుకుపోయిందో విడివిడిగా లెక్కవేసి చూపిస్తే పూర్తి మార్కులు.