మాట ఎప్పుడు కలుస్తుంది?

అందరికీ నమస్కారం. ఇంటర్నల్స్ దగ్గరపడుతున్నా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నేను గుంటూరులో కౌన్సెలింగ్ చేస్తుంటాను. అంటే రోజంతా నా పని వినడమే. అందుకే మీ సైకాలజీ క్లబ్ వాళ్ళు ర్యాపో గురించి, అంటే ఇద్దరి మధ్య మాట కలవడం గురించి మాట్లాడమంటే వెంటనే సరేనన్నాను.

ముందు ఒక చిన్న పని చేద్దాం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా తిరగండి. కిటికీ వైపు ఉన్నవాళ్ళు త్రుటిలో గండం తప్పిన సంఘటన ఒకటి చెప్పాలి. బండి మీద నుంచి పడబోయి ఆపుకున్నారు, కదిలిపోతున్న రైలు ఎక్కారు, అలాంటిది ఏదైనా. గోడ వైపు ఉన్నవాళ్ళు వినాలి. వాళ్ళ చేతిలో ఒక చీటీ ఉంది, అందులో రాసినట్టు చేయాలి, ఎదుటివాళ్ళకి చూపించకూడదు. రెండు నిమిషాలు. మొదలుపెట్టండి.

సరే, ఆపండి. కథ చెప్పినవాళ్ళలో, అసలు ఘట్టం దగ్గరకొచ్చేసరికి చప్పబడిపోయిందనిపించినవాళ్ళు చేతులెత్తండి. ఇప్పుడు చీటీ చదివేస్తాను: "వింటూనే, 'క'తో మొదలయ్యే మాటలు ఎన్ని వచ్చాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి."

ఇది నా సొంత ఆలోచన కాదు. కెనడాలో జానెట్ బావెలాస్, ఆమె సహచరులు 2000లో ప్రచురించిన ప్రయోగానికి తెలుగు రూపం. అక్కడ వినేవాళ్ళు ఇంగ్లిష్‌లో 'టి' అక్షరంతో మొదలయ్యే మాటలను లెక్కపెట్టారు. వాళ్ళు నిజంగానే ప్రతి మాటా విన్నారు, వినకపోతే లెక్క కుదరదు. కానీ అర్థం మీద మనసు లేదు. "అమ్మో" అనాల్సిన చోట అనలేదు, మొహం మారాల్సిన చోట మారలేదు. దాంతో చెప్పేవాళ్ళ కథే పాడైంది. ముగింపు తడబడింది, చెప్పిందే మళ్ళీ చెప్పారు, అదెందుకు అంత ప్రమాదమో వివరణ ఇచ్చుకోవడం మొదలుపెట్టారు. మనం మామూలుగా, బాగా మాట్లాడటం చెప్పేవాళ్ళ నేర్పు అనుకుంటాం. కానీ సగం కథ వినేవాళ్ళ మొహంలోనే తయారవుతుంది.

మన జిల్లావాళ్ళకి ఇది కొత్త కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పేరు మీ తాతయ్యలని అడగండి. ఆయన బుర్రకథ ఒక్కడే చెప్పలేదు. కథకుడికి చెరో పక్కా ఇద్దరు వంతలుంటారు. ఒకాయన హాస్యం, ఇంకొకాయన రాజకీయం. "తందాన తాన" అంటూ వంత పాడతారు, మధ్యలో "అయితే ఏమైంది?" అని ఆపుతారు, జనం అడగాల్సిన ప్రశ్న వాళ్ళే అడుగుతారు. వంతలు మనసుపెట్టకపోతే కథకుడు ఎంతటివాడైనా కథ నడవదు.

ఇప్పుడు మిర్రరింగ్‌కి వద్దాం. రీల్స్‌లో దీని గురించి మీరు చాలా చూసుంటారు. ఎదుటివాళ్ళు చేతులు కట్టుకుంటే మీరూ కట్టుకోండి, ముందుకు వంగితే మీరూ వంగండి, ఇంటర్వ్యూలో ఉద్యోగం మీదే అని చెప్తారు. దీని వెనక అసలు పరిశోధన ఉంది. తాన్యా చార్‌ట్రాండ్, జాన్ బార్గ్ 1999లో ప్రచురించారు, ఊసరవెల్లి ప్రభావం అని పేరు పెట్టారు. ఇద్దరిని కూర్చోబెట్టి ఫోటోలు చూపించి వాటి గురించి మాట్లాడమన్నారు. ఇద్దరిలో ఒకరు పరిశోధకుల మనిషి. అతను మాటిమాటికీ మొహం రుద్దుకుంటే ఎదుటివాళ్ళు కూడా ఎక్కువగా రుద్దుకున్నారు. కాలు ఊపితే వాళ్ళూ ఊపారు. అలా చేస్తున్నామని వాళ్ళకే తెలియదు. తర్వాత తిరగేసి చూశారు. ఈసారి పరిశోధకుల మనిషే ఎదుటివాళ్ళ కూర్చునే తీరునీ కదలికలనీ నెమ్మదిగా అనుసరించాడు. అలా అనుసరించినప్పుడు వాళ్ళకి అతను ఎక్కువ నచ్చాడు, సంభాషణ సాఫీగా సాగిందని కూడా చెప్పారు.

కాబట్టి అనుకరణకి ఫలితం లేదని నేను అనను. ఉంది. అయితే అక్కడ అనుకరించినవాళ్ళు శిక్షణ పొందినవాళ్ళు, ఆ సంభాషణలో వాళ్ళకి వేరే పని లేదు. మీరు క్యాంపస్ ఇంటర్వ్యూలో కూర్చుని "ఆయన కుడిచెయ్యి గడ్డం మీద పెట్టారు, నేను ఎప్పుడు పెట్టాలి?" అని లెక్కేసుకుంటుంటే ఏమవుతుంది? ఇందాకటి చీటీ మీ చేతికి వచ్చినట్టే. మనసు మాట మీద నుంచి లేచి చెయ్యి మీద కూర్చుంటుంది. వాళ్ళు అడిగిన ప్రశ్నలో సగం జారిపోతుంది. పైగా ఎదుటివాళ్ళు కనిపెడితే వెక్కిరిస్తున్నారనుకుంటారు. అన్నం ఉడుకుతుంటే ఆవిరి వస్తుంది, ఆవిరి కోసం మూత ఊపితే అన్నం ఉడకదు. శ్రద్ధగా వింటున్న మనిషి భుజాలు వాటంతటవే ముందుకు వస్తాయి. మీరు చెయ్యాల్సింది వినడం.

ఇదే ప్రయోగాల్లో ఇంకో సంగతి కూడా బయటపడింది, దాన్ని రీల్స్ వాళ్ళు చెప్పరు. ఎదుటివాళ్ళ వైపు నుంచి ఆలోచించే అలవాటు ఎక్కువగా ఉన్నవాళ్ళే తెలియకుండా ఎక్కువ అనుకరించారు. మాట కలవడం అసలు ఎక్కడ మొదలవుతుందో దీన్నిబట్టి మీకే అర్థమవుతుంది.

కదలికల కంటే మాటల్ని తిరిగి చెప్పడం నాకు ఎక్కువ ఇష్టం. నెదర్లాండ్స్‌లో వాన్ బారెన్ బృందం 2003లో ఒక రెస్టారెంట్లో చూసింది. వెయిట్రెస్ ఆర్డర్‌ని కస్టమర్ చెప్పిన మాటల్లోనే తిరిగి చెప్తే టిప్పు పెరిగింది. మన బ్రాడీపేట టిఫిన్ సెంటర్‌లో టిప్పుల సంగతి వదిలేయండి, కానీ అక్కడ కూడా చూడండి. "ఒక పెసరట్టు ఉప్మా, అల్లం చట్నీ ఎక్కువ" అంటారు మీరు. "పెసరట్టు ఉప్మా, అల్లం ఎక్కువ" అని లోపలికి కేకేస్తాడు. మీ ప్రాణం కుదుటపడుతుంది. "ఆఁ ఆఁ" అని వెళ్ళిపోతే ప్లేటు వచ్చేదాకా అటే చూస్తుంటారు. మాట చేరిందని తెలియడం ఎంత పెద్ద విషయమో చూశారా?

ఒక మాట హెచ్చరికగా. "మాటల విలువ 7 శాతమే, మిగతా 93 శాతం బాడీ లాంగ్వేజ్" అని ఎవరైనా స్లైడ్ వేస్తే నమ్మకండి. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి అధ్యయనాల అంకెలవి. విడివిడి మాటల్లో గొంతూ మొహమూ ఒకటి చెప్తూ మాట ఇంకొకటి చెప్తే, మనుషులు ఇష్టాయిష్టాలను దేన్నిబట్టి పోల్చుకుంటారన్నది అక్కడి ప్రశ్న. మొత్తం సంభాషణకి అది వర్తించదు. అలాగే, ఒక పని తాము చేసినా ఇంకొకరు చేస్తుంటే చూసినా ఒకేలా స్పందించే కణాలుగా కోతుల మెదడులో ఇటలీలో కనుగొన్న మిర్రర్ న్యూరాన్లతో మానవ స్నేహం మొత్తాన్నీ వివరించేస్తామనే వాళ్ళని కూడా కాస్త ఆగి ప్రశ్నించండి.

మరి మాట సులువుగా సాగడం అంటే ఏమిటి? లిండా టికిల్-డెగ్నెన్, రాబర్ట్ రోసెంతాల్ 1990లో మూడు పాళ్ళుగా చెప్పారు: ఒకరి మీద ఒకరికి శ్రద్ధ, ఆప్యాయత, లయ కుదరడం. నాకు నచ్చింది ఏమిటంటే, ఇవి కాలంతో మారతాయన్నారు. పరిచయం కొత్తలో ఆప్యాయత ముఖ్యం, రానురాను లయ ముఖ్యం, శ్రద్ధ మాత్రం ఎప్పుడూ కావాలి. మీ హాస్టల్ రూమే చూడండి. చేరిన వారంలో "మీరు పడుకుంటారా, లైట్ తీసేయనా అండి" అనుకున్నవాళ్ళే ఇప్పుడు "తీయరా లైటు" అంటున్నారు. మర్యాద తగ్గింది, సులువు పెరిగింది.

ఆ లయని గడియారంతో కూడా కొలిచారు. 2009లో తాన్యా స్టైవర్స్ బృందం పది భాషల్లో, ఒకరు ప్రశ్న వేశాక ఇంకొకరు ఎంతసేపటికి జవాబిస్తారో చూసింది. సగటున సుమారు 200 మిల్లీసెకన్లు. కానీ ఒక బొమ్మ చూసి దాని పేరు పలకడానికే మనకి 600 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే ఎదుటివాళ్ళ వాక్యం ముగిసేలోపే అది ఎటు వెళ్తోందో ఊహించి, మన జవాబు సిద్ధం చేసుకుంటున్నాం. మాట కలిసినవాళ్ళతో ఈ ఊహ గురి తప్పదు. వీడియో కాల్‌లో సిగ్నల్ కొంచెం ఆగి వస్తే ప్రాణస్నేహితుడితో కూడా ఎందుకు చిరాకొస్తుందో ఇప్పుడు తెలిసింది కదా. అక్కడ చెడింది స్నేహం కాదు, ఆ కాస్త వ్యవధి.

నా పనిలో ఎక్కువగా చూసే సంభాషణ ఒకటి చెప్తాను. ఎవరిదీ కాదు, చాలా ఇళ్ళది. ఇంటర్ కాలేజీ హాస్టల్లో కొడుకు, ఊళ్ళో తల్లి, ఆదివారం ఫోన్.

"తిన్నావా నాన్నా?"

"ఊఁ."

"వీక్లీ టెస్టులో ఎంతొచ్చింది?"

"చెప్తాలే. మా రూమ్‌లో వాడు ఇంటికెళ్ళిపోయాడమ్మా."

"సర్లే, నువ్వు బాగా చదువుకో."

ఆ తల్లికి ప్రేమ తక్కువా? కాదు, ప్రాణం పెట్టుకుని ఉంది. కానీ "వాడు ఇంటికెళ్ళిపోయాడు" అన్న మాట కింద పడిపోయింది, ఎవరూ అందుకోలేదు. "ఎవరు, మొన్న చెప్పావే, ఆ నరసరావుపేట అబ్బాయా? ఏమైంది వాడికి?" అని ఉంటే ఆ ఫోన్ ఇంకోలా నడిచేది. 2017లో హార్వర్డ్ పరిశోధకులు చూసింది కూడా ఇదే. ప్రశ్నలు అడిగేవాళ్ళు ఎదుటివాళ్ళకి ఎక్కువ నచ్చుతారు, అందులోనూ వాళ్ళు ఇప్పుడే చెప్పినదాన్ని అందుకుని అడిగే ప్రశ్నలకి ఆ బలం ఎక్కువ. "తిన్నావా, ఎంతొచ్చింది" లాంటి జాబితా ప్రశ్నలకి ఆ బలం లేదు.

ఇక నాకు బాధ కలిగించే సంగతి. మనకి మనలాంటివాళ్ళతో మాట తొందరగా కలుస్తుంది. అదే యాస, అదే ఊరు. అందుకని మన దగ్గర కొత్తవాళ్ళతో "ఏ ఊరు? ఇంటిపేరేంటి?" అని మొదలుపెడతాం. రెండో ప్రశ్న చాలాసార్లు కులం ఆరా. జవాబు చెప్పేవాళ్ళకి అది తెలుసు, వాళ్ళ గొంతు అక్కడే బిగుసుకుపోతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన మీ క్లాస్‌మేట్ ఇక్కడికి రాగానే తన యాస దాచుకుని విజయవాడ మాట మాట్లాడటం మీరు చూసే ఉంటారు. హోవార్డ్ జైల్స్ 1970లలో మొదలుపెట్టిన సిద్ధాంతం ఈ సర్దుబాటు గురించే. ఎప్పుడూ ఒకరే సర్దుకుంటుంటే దాన్ని ర్యాపో అనొద్దు. మీరు ఆ క్లాస్‌మేట్ దగ్గర రెండు సిక్కోలు మాటలు నేర్చుకుని చూడండి.

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే టెన్షన్ పడేవాళ్ళకి ఒక మాట. ఎరికా బూత్‌బీ బృందం 2018లో చూసింది: మొదటిసారి మాట్లాడుకున్నాక, ఎదుటివాళ్ళకి మనం నిజంగా నచ్చినంతగా నచ్చామని మనం అనుకోం, తక్కువగానే అంచనా వేస్తాం. రాత్రి పడుకుని "అలా ఎందుకన్నానో" అని తవ్వుకుంటున్నప్పుడు ఇది గుర్తు తెచ్చుకోండి.

చివరగా క్లబ్‌కి ఒక ప్రాజెక్ట్. స్టైవర్స్ చూసిన ఆ పది భాషల్లో తెలుగు లేదు. స్నేహితుల జతలు కొన్ని, అపరిచితుల జతలు కొన్ని తీసుకోండి. రికార్డింగ్‌కి ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, పేర్లు తీసేయండి. పది నిమిషాలు మాట్లాడించి, ఫోన్‌లో రికార్డ్ చేసి, Praat అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మాటకీ మాటకీ మధ్య వ్యవధి కొలవండి. తర్వాత ఇద్దరినీ విడివిడిగా, మాట ఎంత సులువుగా సాగిందని అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుడు నన్ను మళ్ళీ పిలవండి, ఆ రోజు మీరు చెప్పండి, నేను వింటాను.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు వెనక బెంచీలవాళ్ళు అడగండి.