సంక్రాంతి తర్వాత పనిలోకి వస్తున్నాను: నా పని వేళలు, పనుల గురించి

అందరికీ నమస్కారం.

నా ప్రసూతి సెలవు జనవరి 18తో అయిపోతోంది. 19వ తేదీ సోమవారం నుంచి పనిలోకి వస్తున్నాను. అయితే ఒక్కసారిగా పూర్తి రోజు కాకుండా మూడు విడతల్లో వస్తాను. వాణి గారితో, హెచ్‌ఆర్‌తో మాట్లాడి దీన్ని ఖాయం చేసుకున్నాను. నేను ఎప్పుడు దొరుకుతానో, ఏ పని నాకు ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో మీకు ముందే తెలిస్తే ఫిబ్రవరి హడావుడిలో ఎవరికీ టెన్షన్ ఉండదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బాబు బాగున్నాడు. 19 నాటికి ఐదు నెలలు నిండిపోతాయి. పండగ ఖమ్మంలో అమ్మ వాళ్లింట్లోనే. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఆ మర్నాడు బయల్దేరి ఉప్పల్ వచ్చేస్తాం.

మొదటి విడత జనవరి 19 నుంచి ఫిబ్రవరి 13 వరకు. ఇంటి నుంచే పని, రోజుకు నాలుగు గంటలు: ఉదయం 10 నుంచి 12, మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. వాడు సీసా నోట పెట్టనివ్వడం లేదు. పాలు తీసి ఉగ్గుగిన్నెతో పట్టడం అలవాటు చేస్తున్నాం. అమ్మ పడితే సగం పెదవుల మీంచే కారిపోతున్నాయి, నాన్నగారు పడితే మాత్రం గుటకలు వేసి తాగుతున్నాడు. ఉప్పల్‌లో అత్తయ్య చేతికి అలవాటు పడాలంటే ఈ నాలుగు వారాలు నేను ఇంట్లో ఉండాలి. ఈ విడతకు నాకు వచ్చేది సగం జీతమే. తర్వాత ఎవరికీ అనుమానం రాకుండా ఈ మాట నేనే చెబుతున్నాను.

రెండో విడత ఫిబ్రవరి 16 నుంచి మార్చి 27 వరకు. సోమ, బుధ, శుక్రవారాలు ఆఫీసుకు వస్తాను, 10 నుంచి 4 దాకా ఉంటాను. మంగళ, గురువారాలు ఇంటి నుంచి పైన చెప్పిన నాలుగు గంటలే. మార్చి 30 నుంచి అయిదు రోజులూ పూర్తిగా ఆఫీసే, సాయంత్రం అయిదున్నరకు బయల్దేరతాను. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు చట్టమే ఇచ్చింది. 50 మంది, అంతకు పైన ఉన్నచోట శిశుసంరక్షణ గది పెట్టాలన్న నియమం మన ఆఫీసుకు వర్తించదు, మనం అంతమందిమి లేము. కాబట్టి ఆ విరామాల్లో నేను పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను. పాత స్టాక్ గదిని ఇందుకు వాడుకోవచ్చని వాణి గారన్నారు. నవీన్, ఆ గదికి లోపలి గడియ పెట్టించి, కిటికీకి ఒక మందపాటి కర్టెన్ వేయించాలి. ఫిబ్రవరి 16 లోపు అయితే చాలు. తలుపు వేసి ఉన్న ఆ ఇరవై నిమిషాలు దయచేసి ఎవరూ తట్టొద్దు, ఫోన్ కూడా చేయొద్దు. కంగారుపడితే పాలు సరిగా రావు.

ఇక పని సంగతి. నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే.

మూడో తరగతి తెలుగు వాచకం శైలజదే. నేను వచ్చేశాను కాబట్టి నా బల్ల మీదికి రావాలని ఎవరూ అనుకోవద్దు. సెలవులో నాకు వచ్చిన ప్రూఫ్‌లు చూశాను. పాత అను ఫాంట్ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు చెదిరిపోయాయి కదా, 'లక్ష్మి'లో మ వత్తు ఒక చోట, గుడి ఇంకో చోట పడ్డాయి. శైలజ ఒక్కొక్క పాఠం పాత అచ్చు పుస్తకంతో పక్కపక్కన పెట్టి సరిచేసింది. అంత కష్టపడి నిలబెట్టిన పుస్తకం ప్రెస్‌కు వెళ్లేదాకా ఆమె పేరుతోనే నడవాలి, రచయితలతో మాటలైనా, చిత్రకారుడితో మాటలైనా ఆమే చూసుకోవాలి. సందేహం వస్తే నన్ను అడగవచ్చు, తుది నిర్ణయం మాత్రం ఆమెదే. శైలజా, ఈ మాట అందరి ముందూ చెప్పాలనే ఇక్కడ రాస్తున్నాను.

నేను తీసుకునేవి నాలుగో తరగతి వాచకం, రెండు వర్క్‌బుక్కులు. మొదటి విడతలో రోజుకు ఒక ఫారం, అంటే 16 పేజీలు, మొదటి ప్రూఫ్ చదవగలను. అంతకు మించి పంపితే మర్నాటికే ఉంటుంది. రఫీ గారూ, పేజీలు విడివిడిగా కాకుండా ఫారం మొత్తం కట్టి ఉదయం పదిలోపు పంపితే సాయంత్రానికల్లా దిద్దుబాట్లతో తిరిగి వస్తుంది.

ప్రింట్ ఆర్డర్ ప్రూఫ్‌ల మీద మార్చి 30 దాకా నేను సంతకం పెట్టను. రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తున్న కళ్లతో మొదటి ప్రూఫ్ చదవవచ్చు, తర్వాత ఇంకొకరు చూస్తారు కాబట్టి. చివరి ప్రూఫ్ తర్వాత చూసేవాళ్లు ఉండరు. జూన్‌లో బడి తెరిచాక ఎనిమిదేళ్ల పిల్లాడు ఆ పేజీలో తప్పు అక్షరం చూసి అదే ఒప్పనుకుని నేర్చుకుంటాడు. ఆ సంతకం ఇప్పటిలాగే వాణి గారిది.

పని వేళలు దాటాక ఫోన్ చూడను. మీరు రాత్రి మెసేజ్ పెడితే తప్పేం లేదు, మర్నాడు పదింటికి జవాబిస్తాను. ప్రెస్‌లో మెషిన్ ఆగిపోయేంత అవసరమైతే మాత్రం మెసేజ్ వద్దు, ఫోన్ చేయండి, అదీ వాణి గారు దొరక్కపోతేనే. మీటింగులు ఉదయం పదిన్నరకు పెట్టగలిగితే మేలు. మధ్యలో బాబు ఏడిస్తే లేచి వెళతాను, మీరు కానివ్వండి, నిర్ణయాలు గ్రూపులో రెండు లైన్లలో రాస్తే చాలు.

ఇంకో మాట. పసిబిడ్డ తల్లి కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకని కష్టమైన పనులు నాకు చెప్పకుండా మీలో మీరే పంచుకోవద్దు. మీ అభిమానం నాకు తెలుసు. గంటలు తక్కువైనా ఆ గంటల్లో నాకు నిజమైన పనే కావాలి. నాలుగో తరగతిలో రెండు పాఠాల విషయంలో రచయితలు మార్పులకు ఒప్పుకోవడం లేదని విన్నాను. ఆ ఇద్దరితో నేనే మాట్లాడతాను.

ఈ ఏర్పాటు కుదరకపోతే మార్చుకుందాం. బాబుకు జ్వరం వచ్చినా, అత్తయ్యకు ఒంట్లో బాగోలేకపోయినా నా రోజులు అటూ ఇటూ అవుతాయి. అలాంటప్పుడు ఉదయం తొమ్మిదిలోపు గ్రూపులో చెబుతాను. అదేవిధంగా మీలో ఎవరికైనా నా వేళల వల్ల అదనపు భారం పడుతుంటే నాకో, వాణి గారికో నేరుగా చెప్పండి, లోపల పెట్టుకోవద్దు. ఫిబ్రవరి 13న అందరం అరగంట కూర్చుని ఎలా నడుస్తోందో చూద్దాం.

ఆరు నెలలు నిండాక అన్నప్రాశన చేస్తాం, అమ్మ ముహూర్తం చూపిస్తోంది. ఆ ఒక్క రోజు సెలవు పెడతాను. మీరందరూ రావాలి, తేదీ తెలియగానే విడిగా పిలుస్తాను.

నేను లేని ఈ ఆరు నెలలూ నా పని మోసిన శైలజకు, నవీన్‌కు, రఫీ గారికి, వాణి గారికి మనసారా కృతజ్ఞతలు. మీలో ఒక్కరు కూడా పని గురించి నాకు ఫోన్ చేయలేదు. బాలింతగా ఉన్న ఆ మొదటి వారాల్లో అది నాకు ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

రఫీ గారూ, నాలుగో తరగతి మొదటి ఫారం 19వ తేదీ ఉదయానికి నాకు అందేలా చూడండి.

స్వాతి