కడప బండ మీద పంచభుజి

ప్రొద్దుటూరులో మా వసారాకు నల్ల కడప బండలు పరిచి ఉన్నాయి. సుద్దముక్కతో గీస్తే గీత తెల్లగా, సన్నగా కనిపిస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. సెలవుల్లో పదో తరగతికి వెళ్లబోయే పిల్లలు నలుగురైదుగురు సాయంత్రం పూట ఇక్కడికే వస్తారు. మొన్న అందరూ ఆరు రేకుల పువ్వు వేశారు. వృత్తం గీసి, కాంపాసు వెడల్పు మార్చకుండా చుట్టూ ఆరు గుర్తులు పెడితే చాలు, షడ్భుజి వచ్చేస్తుంది. ఒకమ్మాయి మాత్రం ఐదు కావాలని పట్టుబట్టింది. కోణమానినితో 72 డిగ్రీలు పెట్టుకుంటూ పోయింది. చివరి భుజం గోరంత పొట్టిగా వచ్చింది. "ఐదుకు కాంపాసుతో దారి లేదా సార్?" అని అడిగింది. ఉంది. ఆ దారి ఇక్కడ రాస్తున్నాను.

నోటుబుక్కులో O కేంద్రంగా 5 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీయండి. O గుండా AB అనే వ్యాసాన్ని అడ్డంగా గీయండి. A, B కేంద్రాలుగా, వ్యాసార్థం కన్నా కొంచెం ఎక్కువ వెడల్పుతో పైనా కిందా చాపాలు వేసి, అవి ఖండించుకున్న చోట్లను కలిపితే O దగ్గర లంబం వస్తుంది. అది వృత్తాన్ని పైన తాకే బిందువు C.

ఇప్పుడు OB మధ్యబిందువు M కావాలి. దాన్ని స్కేలుతో కొలవకండి, లంబ సమద్విఖండన రేఖతోనే పట్టండి. తర్వాత కాంపాసు ముల్లు M మీద, పెన్సిలు C మీద పెట్టి, O వైపుకు చాపం తిప్పండి. అది OA ని తాకిన చోటు N. ఇక C నుంచి N కి ఉన్న దూరమే పంచభుజి భుజం. కాంపాసును ఆ వెడల్పుకు తెరిచి, C నుంచి మొదలుపెట్టి వృత్తం మీద వరసగా గుర్తులు వేసుకుంటూ వెళ్లండి. ఐదో అడుగు తిరిగి C మీదే పడాలి. పడకపోతే తప్పు సాధారణంగా M దగ్గరే ఉంటుంది. పెన్సిలు మొన మొద్దుబారినా ఇక్కడే బయటపడుతుంది.

ఇది ఎందుకు పనిచేస్తుందో చూడకుండా వదలొద్దు. వ్యాసార్థం 1 అనుకుంటే OM = 1/2, OC = 1. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం MC = √5/2. MN కూడా అంతే కాబట్టి ON = (√5 − 1)/2. ఇది cos 72° కు సరిగ్గా రెట్టింపు, పైగా ఇదే దశభుజి భుజం. 5 సెం.మీ. వృత్తంలో ON సుమారు 3.09, CN సుమారు 5.88 సెం.మీ. రావాలి. ఒక్క వర్గమూలం చేతికొచ్చింది, పంచభుజి వచ్చింది.

అసలు విషయం ఆ వర్గమూలంలోనే ఉంది. స్కేలు, కాంపాసు కలిసి చేయగలిగేవి కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం. అంతకుమించి ఏమీ లేదు. సప్తభుజికి cos(360°/7) కావాలి. అది 8x³ + 4x² − 4x − 1 = 0 అనే ఘన సమీకరణానికి మూలం, వర్గమూలాలతో దాన్ని పట్టలేం. ఏడు రాలేదంటే మీ చేతివాటం తప్పు కాదు, ఎవరు గీసినా కచ్చితంగా రాదు.

మరి ఏవి వస్తాయి? భుజాల సంఖ్య బేసి ప్రధాన సంఖ్య అయితే, అందులోంచి ఒకటి తీసేస్తే 2 ఘాతం మిగలాలి. 3 లోంచి 2, 5 లోంచి 4, 17 లోంచి 16 మిగులుతాయి. 7 లోంచి 6, 11 లోంచి 10, 13 లోంచి 12 మిగులుతాయి, అవి కుదరవు. ఇలాంటి ప్రధాన సంఖ్యలు మనకు తెలిసినవి ఐదే: 3, 5, 17, 257, 65537. వీటిలో ఒక్కొక్కదాన్ని ఒక్కసారి మాత్రమే వాడి గుణించుకోవచ్చు, ఆపైన ఎన్నిసార్లయినా రెట్టింపు చేసుకోవచ్చు. రెట్టింపు అంటే చాపాన్ని సగం చేయడమే. చతురస్రం నుంచి 8, 16 అలా వస్తాయి. 9 లో మూడు రెండుసార్లు ఉంది కాబట్టి నవభుజి రాదు. 20 లోపు వచ్చేవి 3, 4, 5, 6, 8, 10, 12, 15, 16, 17, 20.

పదిహేడు భుజాలు గీయవచ్చని 1796 మార్చి 30న జర్మన్ గణితవేత్త గాస్ కనుక్కున్నాడు. అప్పటికి ఆయన వయసు 18 ఏళ్లు, అంటే మీకంటే మూడు నాలుగేళ్లు పెద్ద. మిగిలినవి అసాధ్యమన్న రుజువును 1837లో ఫ్రెంచ్ గణితవేత్త వాంట్జెల్ ప్రచురించాడు.

పంచభుజి గీసిన వృత్తాన్ని చెరిపేయకండి. అందులోనే C ఒక శీర్షంగా సమబాహు త్రిభుజం గీయండి. C నుంచి ఒకే వైపుకు వెళ్తే త్రిభుజం తర్వాతి శీర్షం 120 డిగ్రీల దగ్గర, పంచభుజి రెండో శీర్షం 144 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ రెండింటి మధ్య 24 డిగ్రీలు, అంటే వృత్తంలో పదిహేనో వంతు. కాంపాసును ఆ రెండు శీర్షాల మధ్య దూరానికి తెరిచి చుట్టూ నడిపించండి, పదిహేను భుజాలూ వస్తాయి.